బెణుకుకు ఐసా, కాపడమా? చేతి వెనుక భాగంతో చూసి నిర్ణయించుకోవడం

ప్రశ్న: నిన్న సాయంత్రం మెట్లు దిగుతుంటే కుడి కాలు మెలికపడి చీలమండ బెణికింది. రాత్రికి బాగా వాచింది. అమ్మ ఉప్పు కాపడం పెట్టమంటోంది, ఆఫీసులో అందరూ ఐసు పెట్టమంటున్నారు. ఏది సరైనది? అమ్మకు కూడా పొద్దున్నే మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఆమెకు షుగరు ఉంది, రోజూ వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుంటుంది. అది మంచిదేనా?

సమాధానం:

మీ చీలమండకు ఈ రెండు మూడు రోజులూ చల్లటిదే పెట్టండి, ఉప్పు కాపడం ఇప్పుడు వద్దు. మీ అమ్మగారి మోకాళ్ళకు వేడి సరైనదే, కానీ షుగరు ఉన్నవారు వేడినీళ్ళ బ్యాగు వాడే ముందు ఒక చిన్న పరీక్ష తప్పనిసరిగా చేసుకోవాలి. నేను ఒక జిల్లా కేంద్రంలో 21 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఈ రెండు విషయాల్లో జరిగే పొరపాట్లను దాదాపు ప్రతి వారం చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఐసు సంగతికి ముందు, అది బెణుకేనా, ఎముక విరిగిందా అన్నది తేల్చుకోవాలి. దీనికి కెనడాలోని ఒట్టావా నగరపు వైద్యులు 1992లో ప్రకటించిన సులువైన పద్ధతి ఒకటి ఉంది, ఇప్పటికీ ఆసుపత్రుల్లో దాన్నే పాటిస్తారు. చీలమండకు రెండు వైపులా పొడుచుకొచ్చినట్టు కనిపించే గిలక ఎముకల కొనను, అక్కడి నుంచి వాటి వెనుక అంచు వెంబడి పైకి సుమారు 6 సెంటీమీటర్ల వరకు వేలితో నొక్కి చూడండి. తరువాత పాదం బయటి అంచున చిటికెన వేలికి, మడమకు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకను, లోపలి వైపు పాదపు వంపు పైభాగంలో ఉండే ఎముకను కూడా నొక్కండి. సరిగ్గా ఎముక మీదే నొక్కినప్పుడు నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనే గానీ ఇప్పుడు గానీ కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నొప్పి ఎముక మీద కాకుండా గిలకకు ముందు, కొంచెం కింద ఉండే మెత్తటి భాగంలో ఉండి, కుంటుతూ నాలుగు అడుగులు వేయగలిగితే అది చాలావరకు బయటి వైపు ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు సాగిన బెణుకే. షుగరు ఎక్కువ కాలంగా ఉండి పాదంలో స్పర్శ తగ్గినవారు మాత్రం ఈ పరీక్షను నమ్ముకోకూడదు, ఎందుకంటే ఎముక విరిగినా వారికి నొప్పి తెలియకపోవచ్చు.

ఇప్పుడు చల్లదనం ఎందుకో చూద్దాం. పాదం లోపలికి మెలికపడినప్పుడు బయటి వైపు ఉన్న లిగమెంటు పోగులు కొన్ని తెగుతాయి, వాటితో పాటు సన్నటి రక్తనాళాలు కూడా చిట్లుతాయి. వాటి నుంచి కారే రక్తం, నీరు చర్మం కింద చేరడం వల్లనే మీకు రాత్రికి వాపు పెరిగింది. చల్లదనం ఆ నాళాలను కుంచించుకునేలా చేస్తుంది, నొప్పిని మోసుకెళ్ళే నరాల వేగాన్ని తగ్గిస్తుంది. వేడి దీనికి సరిగ్గా వ్యతిరేకం: నాళాలను వెడల్పు చేసి రక్తాన్ని అక్కడికి రప్పిస్తుంది. బిగుసుకున్న కండరానికి అదే మేలు చేస్తుంది, కానీ ఇంకా కారుతున్న గాయం మీద అదే పని వాపును ఇంకా పెంచుతుంది. కాపడం పెట్టుకున్న ఆ పావుగంట హాయిగానే ఉంటుంది. ఇబ్బంది రెండు గంటల తరువాత తెలుస్తుంది, అప్పటికి ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

ఐసు పెట్టే విధానంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అందరూ ఫ్రీజర్ నుంచి తీసిన జెల్ ప్యాక్ మంచిదనుకుంటారు, నేను మాత్రం మామూలు ఐసు ముక్కలనే ఇష్టపడతాను. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, అంతకన్నా చల్లగా మారదు. ఫ్రీజర్‌లో రాత్రంతా ఉన్న జెల్ ప్యాక్ సున్నాకు చాలా కిందికి, మైనస్ 15 డిగ్రీలకు అటూ ఇటూ వెళ్ళి ఉండవచ్చు. అది నేరుగా తగిలితే చర్మం నిప్పు తగిలినట్టే కాలుతుంది. గుప్పెడు ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి చపాతీ కర్రతో దంచి, పాలిథిన్ సంచిలో వేసి, అర గ్లాసు నీళ్ళు పోసి, లోపలి గాలినంతా నొక్కి తీసేసి ముడి వేయండి. నీళ్ళు పోయడం వల్ల ఆ సంచి గిలక చుట్టూ ఉన్న పల్లాల్లోకి కూడా ఒదుగుతుంది. చర్మానికి, సంచికి మధ్య పల్చటి నూలు తువ్వాలును తడిపి పిండి పరవండి. పొడి తువ్వాలు మందంగా ఉంటే చల్లదనం లోపలికి చేరదు. కాలిని రెండు తలగడల మీద, గుండె కన్నా ఎత్తులో ఉంచుకోండి.

పెట్టిన తరువాత వరుసగా నాలుగు అనుభవాలు కలుగుతాయి: మొదట చల్లదనం, తరువాత మంట, ఆ తరువాత లాగినట్టుండే నొప్పి, చివరికి మొద్దుబారడం. మొద్దుబారగానే తీసేయాలి. దీనికి సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది, 20 నిమిషాలు దాటకూడదు. చర్మం ఎర్రబడితే ఫరవాలేదు. తెల్లగా పాలిపోయినా, గట్టిపడినట్టున్నా వెంటనే తీసేయండి. మళ్ళీ పెట్టడానికి రెండు గంటలైనా విరామం ఇవ్వండి. మెలకువగా ఉన్న సమయంలో రోజుకు నాలుగైదు సార్లు చాలు. ఐసును క్రేప్ బ్యాండేజితో బిగించి కట్టుకుని నిద్రపోవడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. మోకాలి బయటి వైపు, కొంచెం కిందుగా ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా వెళుతుంది. అక్కడ ఐసును బిగించి ఎక్కువసేపు ఉంచితే ఆ నరం దెబ్బతిని పాదం పైకి లేవక వేలాడే పరిస్థితి వస్తుంది. ఐసు తీసిన వెంటనే బరువుగా నడవడం, ఆడడం కూడా వద్దు. మొద్దుబారిన చీలమండకు తాను ఎక్కడ ఎలా పడుతున్నదో సరిగ్గా తెలియదు, మరోసారి మెలికపడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా పసుపు, సున్నం కలిపి పట్టీ వేసి ఉంటే దాన్ని ముందు కడిగేయండి. సున్నం చర్మాన్ని పొక్కిస్తుంది, పైగా ఆ ఎండిన పూత కింద వాపు పెరుగుతోందో తగ్గుతోందో కనిపించదు. అలాగే నొప్పి బామ్ రాసిన చోట వేడి కాపడం పెట్టకండి. వాటిలోని మందులు చర్మాన్ని ముందే మండిస్తుంటాయి కాబట్టి మామూలు వేడికే బొబ్బలు వస్తాయి.

ఐసు గాయాన్ని మాన్పదు అన్నది కూడా మీకు చెప్పాలి. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తుగా ఉంచడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, 2014లో తానే వెనక్కి తగ్గి, ఐసు, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానే ప్రక్రియను ఆలస్యం చేయవచ్చని రాశారు. వాపు తెచ్చే కణాలే దెబ్బతిన్న పోగులను శుభ్రం చేసి కొత్తవి అల్లుకునేందుకు దారి చేస్తాయన్నది దానికి కారణం. అందువల్ల వారాల తరబడి ఐసు పెట్టడాన్ని నేను సమర్థించను. మొదటి రెండు మూడు రోజులు నొప్పి తగ్గించి, కాలు కాస్త కదిలించగలిగే వీలు కల్పించడం వరకే దాని పని. నొప్పి తగ్గిన ఆ కొద్దిసేపట్లో పాదాన్ని పైకీ కిందికీ నెమ్మదిగా కదిలించడం, ఐసు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మరి మీ అమ్మగారు చెప్పిన కాపడానికి సమయం ఎప్పుడు వస్తుంది? చాలామంది 48 గంటలు లేదా 72 గంటలు అని లెక్క చెబుతారు. నేను గడియారాన్ని కాక కాలినే చూస్తాను. మీ చేతి వెనుక భాగాన్ని ముందు బాగున్న చీలమండ మీద, తరువాత బెణికిన దాని మీద ఒకే చోట ఉంచండి. అరచేతి కన్నా చేతి వెనుక భాగానికి వేడి తేడా బాగా తెలుస్తుంది. బెణికినది ఇంకా వెచ్చగా తగులుతుంటే లోపల మంట ఆరలేదని అర్థం, అప్పటివరకు చల్లటిదే. రెండూ సమానంగా ఉండి, వాపు వరుసగా రెండు రోజులు పెరగకుండా నిలిచి, పదునైన నొప్పి పోయి బిగుసుకున్నట్టున్న నొప్పి మాత్రమే మిగిలితే వేడికి వేళ అయినట్టే. వాపును కంటితో చూసి అంచనా వేయడం కష్టం కాబట్టి నేను నూలు దారం వాడిస్తాను. పాదం మీదుగా, అరికాలి కిందుగా, చీలమండ వెనుకగా ఎనిమిది అంకె ఆకారంలో దారాన్ని చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలుతో కొలవాలి. రెండు కాళ్ళకూ కొలిచి, బాగున్న కాలి కొలతతో పోల్చాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు, వయసు 38, పిల్లలకు కబడ్డీ నేర్పిస్తూ ఎడమ చీలమండ బెణికించుకున్నారు. ఆ రాత్రే ఇంట్లో ఆముదపు ఆకు కట్టి, వేయించిన ఉప్పు మూటతో రెండుసార్లు కాపడం పెట్టారు. మరునాడు ఉదయం నా దగ్గరికి వచ్చేసరికి పాదం నిగనిగలాడుతూ బిగుసుకుని ఉంది, గిలక ఎక్కడ ఉందో కనిపించడం లేదు. దారంతో కొలిస్తే బాగున్న కాలు 51 సెంటీమీటర్లు, బెణికినది 54. ఎముకల మీద నొక్కితే నొప్పి లేదు, నాలుగు అడుగులు వేయగలిగారు, అందువల్ల ఎక్స్‌రే అవసరం లేకపోయింది. కాపడం ఆపించి, పైన చెప్పినట్టు ఐసు, క్రేప్ బ్యాండేజి, కాలు ఎత్తుగా ఉంచడం మొదలుపెట్టించాను. రెండో రోజుకు 53.5, నాలుగో రోజుకు 52.5. ఐదో రోజు కూడా 52.5 దగ్గరే నిలిచింది, చేతి వెనుకతో చూస్తే రెండు చీలమండల వేడి సమానంగా ఉంది.

ఆ రోజు మొదటిసారి వేడి వాడాము. బకెట్‌లో స్నానానికి పోసుకునేంత వెచ్చటి నీళ్ళు, అంటే సుమారు 38 నుంచి 40 డిగ్రీలు, 10 నిమిషాలు. కాలు నీళ్ళలో ఉండగానే బొటనవేలితో అక్షరమాల రాయమన్నాను. అ నుంచి ఱ దాకా రాస్తే చీలమండ అన్ని దిక్కులకూ తిరుగుతుంది. అరగంట తరువాత మళ్ళీ కొలిస్తే కొలత మారలేదు, కాబట్టి మరునాడు కూడా కొనసాగించాము. ఏడో రోజు ఆయన త్వరగా తగ్గుతుందన్న ఆశతో ఇంకా వేడి నీళ్ళలో 40 నిమిషాలు కాలు పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రానికి కొలత 53.5కు పెరిగింది, చర్మం మళ్ళీ వెచ్చగా తగిలింది. ఒక రోజు తిరిగి ఐసుకు వచ్చి, ఆ తరువాత 10 నిమిషాల వెచ్చటి నీళ్ళకే కట్టుబడ్డాము. రెండో వారం నుంచి గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, మూడో వారం నుంచి గోడ వదిలి నిలబడడం సాధన చేశారు, ఆరో వారంలో మైదానంలో పరుగెత్తారు. మీరు కూడా వేడికి మారిన మొదటి రోజు ఈ దారం కొలతను ముందు ఒకసారి, అరగంట తరువాత ఒకసారి తప్పక తీసుకోండి. అర సెంటీమీటరు పెరిగినా ఒక రోజు వెనక్కి వెళ్ళండి.

ఇదే సూత్రాన్ని కండరాలకు అన్వయించేటప్పుడు ఒక తేడా ఉంది. బిందె ఎత్తబోయి నడుము పట్టేసినప్పుడు సాధారణంగా వాపు, కమిలిన రంగు ఉండవు. అక్కడ ఉన్నది కండరం బిగుసుకోవడం, కాబట్టి మొదటి రోజు నుంచే వేడి కాపడం పెట్టవచ్చు, అది పనిచేస్తుంది కూడా. పరుగులో తొడ వెనుక కండరం టప్పుమని చిట్లినప్పుడు, లేదా తొడకు గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డ కట్టినప్పుడు మాత్రం చీలమండకు చెప్పినట్టే మొదట చల్లదనం. అలాంటి తొడకు తొలి రోజుల్లోనే వేడి పెట్టి నూనెతో మర్దన చేస్తే రక్తస్రావం పెరుగుతుంది, కొందరిలో ఆ గడ్డలో ఎముక పేరుకుని నెలల తరబడి మోకాలు మడవలేని పరిస్థితి వస్తుంది. దెబ్బ ఏదీ తగలకుండానే ఒక పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పిగా, వెచ్చగా ఉంటే అది కండరం పట్టేయడం కాకపోవచ్చు, సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆపరేషన్ తరువాత, సుదీర్ఘ ప్రయాణం తరువాత, మంచం పట్టిన తరువాత ఇలా అయితే ఐసు, కాపడం, మర్దన ఏదీ చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక మీ అమ్మగారి విషయం. ఉదయం లేవగానే మోకాళ్ళు బిగుసుకుని, అటూ ఇటూ తిరిగిన అరగంట లోపు సడలిపోతుంటే అది వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల లక్షణం, దానికి వేడి బాగా సరిపోతుంది. బిగుసుకుపోవడం గంటకు పైగా ఉండి, రెండు చేతుల వేళ్ళ కణుపులు కూడా వాస్తుంటే అది వేరే రకం కీళ్ళవాతం, కాపడంతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఒక్క మోకాలు హఠాత్తుగా ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు, అది ఆ రోజే చూపించాల్సిన అత్యవసరం.

షుగరు ఉన్నవారిలో అసలు ప్రమాదం వేడి ఎక్కువైందని తెలియకపోవడం. చక్కగా నడిచి వచ్చిన ఒక పెద్దావిడ, మోకాలి పక్కన అరచేయంత బొబ్బ వచ్చి చితికిపోయినా తనకేమీ అనిపించలేదని చెప్పడం నేను స్వయంగా విన్నాను. అది మానడానికి రెండు నెలలు పట్టింది. అందుకే ఈ పరీక్ష చేయండి. మీ అమ్మగారిని కళ్ళు మూసుకోమని, దూది పింజతో మోకాలి చుట్టూ, పిక్క మీద, పాదం మీద అక్కడక్కడా తాకి, తాకినప్పుడల్లా చెప్పమనండి. తరువాత రెండు స్టీలు గ్లాసుల్లో ఒకదానిలో గోరువెచ్చటి నీళ్ళు, మరొకదానిలో కుండ నీళ్ళు పోసి, గ్లాసు వెలుపలి వైపును చర్మానికి ఆనించి ఏది వెచ్చనో, ఏది చల్లనో అడగండి. మోకాలి చుట్టూ ప్రతిసారీ సరిగ్గా చెబితే బ్యాగు వాడవచ్చు. తడబడితే బ్యాగును పక్కన పెట్టేసి, మీరు చేయి పెట్టి చూసిన గోరువెచ్చటి నీళ్ళ స్నానంతోనే సరిపెట్టండి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే, మోకాళ్ళు బాగానే ఉన్నా ఆ సంగతి షుగరు డాక్టరుకు చెప్పండి.

బ్యాగులో మరుగుతున్న నీళ్ళు పోయకూడదు. మరిగిన నీళ్ళకు చన్నీళ్ళు కలిపి, మూడింట రెండు వంతులే నింపి, గాలి పూర్తిగా నొక్కి తీసి మూత బిగించాలి. మందపాటి తువ్వాలు చుట్టి మోకాలి పైన ఉంచాలి. బ్యాగు మీద కాలు వేసి పడుకోకూడదు, ఎందుకంటే కాలి బరువుకు తువ్వాలు నలిగి వేడి నేరుగా తగులుతుంది. ముందుగా మీ ముంజేతి మీద ఒక నిమిషం ఉంచి చూడండి. 15 నిమిషాలు చాలు, మధ్యలో ఒకసారి తువ్వాలు ఎత్తి చర్మాన్ని చూడాలి. రోజూ ఒకే చోట వేడి పెట్టేవారి చర్మం మీద వల ఆకారంలో గోధుమ రంగు గీతలు ఏర్పడితే, బ్యాగు మరీ వేడిగా ఉందని, దాన్ని కొంతకాలం మానేయాలని అర్థం.

వేడి చర్మం కింద ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెద్దగా చేరదు, అరిగిన కీలును అది బాగుచేయదు. అది ఇచ్చేది కండరాలు సడలిన ఒక అరగంట. ఆ అరగంటను వాడుకోకపోతే గంటలో మోకాలు మళ్ళీ బిగుసుకుంటుంది. బ్యాగు తీయగానే మంచం మీద కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరాన్ని ఐదు అంకెలు లెక్కపెట్టేవరకు బిగించి వదలమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, ఆ తరువాత మడమను మంచం మీద జరుపుతూ మోకాలిని నెమ్మదిగా మడిచి చాపడం మరో పదిసార్లు.

ఏదైనా పెళ్ళికి వెళ్ళి ఎక్కువ నడిచినప్పుడో, మెట్లు ఎక్కినప్పుడో సాయంత్రానికి ఆమె మోకాలు వాచి చేతికి వెచ్చగా తగిలితే, ఆ పూట వేడినీళ్ళ బ్యాగు మానేసి తడి తువ్వాలు మీదుగా 10 నిమిషాలు ఐసు పెట్టండి. గ్లాసుల పరీక్షలో తడబడినవారికి ఐసు కూడా వేడి అంత ప్రమాదమే కాబట్టి, వారికి కాళ్ళు ఎత్తుగా పెట్టి విశ్రాంతి ఇవ్వడం, కుండ నీళ్ళలో తడిపి పిండిన తువ్వాలు వేయడం వరకే చేయండి. మరునాడు ఉదయం వాపు తగ్గి రెండు మోకాళ్ళూ సమానమైన వేడితో తగిలితే మళ్ళీ మామూలుగా కాపడానికి రావచ్చు.